బ్యాంకు పొరపాటుతో చెక్కు తిరిగి వస్తే రుసుము ఎవరు భరించాలి?

ప్రశ్న: నాకు తెనాలిలో చిన్న హార్డ్‌వేర్ దుకాణం ఉంది. గత నెల 14వ తేదీ శుక్రవారం నా కరెంట్ ఖాతాలో 1,50,000 రూపాయల నగదు కౌంటరులో కట్టాను. ఆ ధైర్యంతో విజయవాడ హోల్‌సేల్ వ్యాపారికి 1,38,500 రూపాయలకు చెక్కు ఇచ్చాను. 17వ తేదీ సోమవారం ఆ చెక్కు ‘నిల్వ చాలదు’ అని తిరిగి వెళ్లింది. మరునాడు బ్యాంకుకు వెళ్లి అడిగితే, నేను కట్టిన నగదు ఒక అంకె తేడాతో వేరే ఖాతాలో పడిందని తేలింది. పే-ఇన్ స్లిప్పు మీద నేను ఖాతా నంబరు సరిగ్గానే రాశాను, కౌంటర్‌ఫాయిల్ నా దగ్గరే ఉంది. అదే రోజు డబ్బు నా ఖాతాలోకి మార్చారు. కానీ బౌన్స్ రుసుము కింద 590 రూపాయలు కోసేశారు. హోల్‌సేల్ వ్యాపారి బ్యాంకు ఆయన దగ్గర 354 రూపాయలు కోసుకుంటే, అది ఆయన నా లెక్కలో రాశారు. 19న ఆయనకు నెఫ్ట్‌లో డబ్బు పంపాను. ఇక మీదట చెక్కులు వద్దంటున్నారు. రుసుము సంగతి అడిగితే మా మేనేజరు గారు, ‘అది సిస్టమ్ తీసుకున్నది. మంచి ఖాతాదారు కాబట్టి ఒక దరఖాస్తు ఇవ్వండి, 500 మాఫీకి ప్రయత్నిస్తాను’ అంటున్నారు. ఏం రాయాలి? మొత్తం అడగవచ్చా?

సమాధానం: మొత్తం అడగవచ్చు. అయితే మీరు ఇవ్వవలసింది మాఫీ కోరే దరఖాస్తు కాదు. మంచి ఖాతాదారు అన్న కారణంతో బ్యాంకు 500 రూపాయలు వదిలేస్తే, ఖాతాలో డబ్బు లేకుండా మీరు చెక్కు ఇచ్చారని, బ్యాంకు దయతలచి ఊరుకుందని రికార్డులో మిగిలిపోతుంది. ఆ మాట మీకు తర్వాత అడ్డు వస్తుంది. రేపు మీరు ఓవర్‌డ్రాఫ్ట్ కోసమో వ్యాపార రుణం కోసమో ఏ బ్యాంకుకు వెళ్లినా, గడచిన నెలల స్టేట్‌మెంటు తెప్పించుకుని అందులో మీరు ఇచ్చిన చెక్కులు ఎన్ని తిరిగి వెళ్లాయో ముందుగా చూస్తారు. అందుచేత జరిగిన పొరపాటు తమదేనన్నది బ్యాంకు రికార్డులోకి ఎక్కేలా, తప్పుగా తీసుకున్న సొమ్మును పూర్తిగా తిరిగి జమ చేయమని లిఖితపూర్వకంగా కోరండి.

మేనేజరు గారు ‘సిస్టమ్ తీసుకుంది’ అనడం అబద్ధమేమీ కాదు. చెక్కు క్లియరింగులో తిరిగి వెళ్లేటప్పుడు దానికి ఒక కారణం కోడ్ తగిలిస్తారు. నిల్వ చాలకపోతే ఆ కోడ్ 01. కంప్యూటరుకు తెలిసింది ఆ క్షణంలో ఖాతాలో ఉన్న అంకె మాత్రమే. ఆ అంకె ఎందుకు తక్కువగా ఉందన్నది దానికి తెలియదు. 01 అని పడగానే ఖాతాదారుడి వల్ల జరిగిన రిటర్న్‌గా లెక్కించి, రుసుమునూ దాని మీద జీఎస్టీనీ తనంతట తానే కోసేస్తుంది. దాన్ని సరిచేయడానికి మనిషి కావాలి, ఆ మనిషికి కాగితం కావాలి. శాఖ నుంచి వివరణతో కూడిన అభ్యర్థన పైకి వెళ్తేనే చాలా బ్యాంకుల్లో ఇలాంటి రుసుము వెనక్కి వస్తుంది. మీరు ఇచ్చే ఉత్తరం నిజానికి మేనేజరు గారు తన పై కార్యాలయానికి పంపుకోవలసిన ఆధారం కూడా, అందుకే అందులో కోపం కంటే తేదీలు, అంకెలు ఎక్కువ ఉండాలి.

నియమం మీ వైపే ఉంది. 2013 మే 7న రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ పంపిన ఆదేశంలో, తప్పు ఖాతాదారుడిదై, చెక్కు తిరిగి రావడానికి అతడే బాధ్యుడైన సందర్భాల్లో మాత్రమే రిటర్న్ రుసుము వసూలు చేయాలని స్పష్టంగా చెప్పింది. ఆ ఆదేశంతోపాటు, ఖాతాదారుడి తప్పు లేని కారణాల పట్టిక ఒకటి ఇచ్చింది. అందులో ఎక్కువగా ఉన్నవి సాంకేతిక కారణాలు, ‘నిల్వ చాలదు’ అన్నది వాటిలో ఉండదు. మీ శాఖవారు ఆ పట్టికను చూపి ‘మీ కోడ్ ఇందులో లేదు’ అనవచ్చు. అయితే ఆ పట్టిక ఉదాహరణ కోసం ఇచ్చినదేననీ, సమగ్రం కాదనీ అదే ఆదేశంలో ఉంది. చూడవలసింది కోడ్‌ను కాదు, తప్పు ఎవరిదన్న సంగతిని. ఇంతకంటే పాతదీ గట్టిదీ అయిన ఆధారం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 31వ సెక్షన్. చెక్కు ఇచ్చిన వ్యక్తి సొమ్ము, ఆ చెక్కు చెల్లింపుకు వినియోగించదగినది, బ్యాంకు చేతిలో చాలినంత ఉన్నప్పుడు బ్యాంకు ఆ చెక్కును చెల్లించి తీరాలనీ, చెల్లించకపోతే దానివల్ల చెక్కు ఇచ్చినవారికి కలిగిన నష్టాన్ని పూడ్చాలనీ ఆ సెక్షన్ చెబుతుంది. మీ 1,50,000 రూపాయలు 14వ తేదీనే బ్యాంకు చేతికి వచ్చాయి. వాటిని బ్యాంకు తన పుస్తకాల్లో ఏ పేజీలో రాసుకుందన్నది మీ బాధ్యత కాదు.

ఇక రుజువు. మీకు కావలసినవి మూడే కాగితాలు, వాటిలో రెండు బ్యాంకు తయారుచేసినవే.

మొదటిది కౌంటర్‌ఫాయిల్. దాని మీద తేదీ ముద్ర, క్యాషియరు సంతకం, మొత్తం, మీరు రాసిన ఖాతా నంబరు, ఖాతా పేరు అన్నీ చదవగలిగేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ముద్ర సిరా త్వరగా వెలిసిపోతుంది కాబట్టి ఫోటో తీసి పెట్టుకోండి. అసలును ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సు మాత్రమే జత చేయండి. మీ వాదన అంతా ఈ చిన్న కాగితం మీద రాసిన నంబరు మీద నిలబడుతుంది. అక్కడే అంకె తప్పుగా రాసి ఉంటే కథ వేరుగా ఉండేది. నగదు కట్టేటప్పుడు క్యాషియరు పేరునూ నంబరునూ సరిపోల్చుకోవాలి కాబట్టి బ్యాంకుకు కొంత బాధ్యత అప్పటికీ ఉండేది గాని, మీ వాదన బాగా బలహీనపడేది. ఇతర పాఠకుల కోసం ఒక మాట చేరుస్తాను: డబ్బు నగదుగా కాక నెఫ్ట్ ద్వారా వచ్చి, పంపినవారే ఖాతా నంబరు తప్పు కొట్టి ఉంటే, బ్యాంకు మీద ఈ క్లెయిము నిలవదు. ఆ లావాదేవీల్లో జమ ఖాతా నంబరు ఆధారంగానే జరుగుతుంది, నంబరు సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపినవారిదే.

రెండోది మీ ఖాతా స్టేట్‌మెంటు. 13వ తేదీ నుంచి 20వ తేదీ వరకు, శాఖ ముద్రతో తీసుకోండి. మొబైల్ యాప్‌లో కనిపించే చిన్న జాబితా చాలదు. ముద్రిత స్టేట్‌మెంటులో సాధారణంగా లావాదేవీ తేదీ ఒక గడిలో, ఆ సొమ్ము ఏ రోజు నుంచి లెక్కలోకి వస్తుందో చెప్పే వేల్యూ డేటు మరొక గడిలో ఉంటాయి. 18న మీ ఖాతాలోకి మార్చిన 1,50,000 ఎదురుగా వేల్యూ డేటు ఏమి వేశారో చూడండి. అక్కడ 14వ తేదీ ఉంటే, ఈ డబ్బు 14 నుంచే మీదని బ్యాంకే ఒప్పుకున్నట్టు. అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. అక్కడ కూడా 18 అనే ఉంటే, వేల్యూ డేటును 14కు సరిచేయమని మీ ఉత్తరంలో మొదటి కోరికగా రాయండి. కరెంట్ ఖాతాకు వడ్డీ ఉండదు కాబట్టి దానివల్ల మీకు పైసా రాదు, బ్యాంకుకు పైసా పోదు. కాని ఆ ఒక్క తేదీ మారితే మిగిలినదంతా మీ వైపు మొగ్గుతుంది. క్లియరింగ్ వ్యవహారాలు చూసినవాడిగా చెబుతున్నాను, ఈ గడిని ఖాతాదారులు దాదాపు ఎప్పుడూ చూడరు. ఇలాంటి తగాదాలో అన్నిటికంటే ముందు చూడవలసింది అదే.

మూడోది చెక్కు రిటర్న్ మెమో. అది మీ దగ్గర ఉండదు, చెక్కుతోపాటు హోల్‌సేల్ వ్యాపారికి వెళ్లి ఉంటుంది. ఆయన నుంచి మెమో నకలు, ఆయన బ్యాంకు 354 రూపాయలు కోసిన స్టేట్‌మెంటు పంక్తి, మీ లెక్కలో ఆయన రాసిన డెబిట్ నోటు తెప్పించుకోండి. ఆయన స్టేట్‌మెంటులోని మిగతా పంక్తులు కప్పేసి పంపినా సరిపోతుంది.

ఈ మూడూ చేతికి వచ్చాక ఒక చిన్న లెక్క వేయండి. మీరు నిల్వ ఎంతో రాయలేదు కాబట్టి, 17న చెక్కు వచ్చేటప్పటికి ఖాతాలో 22,340 రూపాయలు ఉన్నాయనుకుందాం. 14న కట్టిన 1,50,000 సరైన చోట పడి ఉంటే నిల్వ 1,72,340 అయ్యేది. చెక్కు 1,38,500 చెల్లించిన తర్వాత కూడా 33,840 మిగిలేది. మీ అసలు అంకెలతో ఇదే లెక్కను ఉత్తరంలో రాయండి. రాసే ముందు 14కూ 17కూ మధ్య యూపీఐ చెల్లింపులు, ఆటోమేటిక్ వాయిదాలు ఏమైనా వెళ్లాయేమో పంక్తి పంక్తి చూసుకోండి. నగదు సరైన చోట పడి ఉన్నా కూడా చెక్కుకు చాలని పరిస్థితి ఉండి ఉంటే బ్యాంకు పొరపాటు వల్లనే చెక్కు తిరిగి వచ్చిందని చెప్పలేం, అప్పుడు రుసుము అడగడం న్యాయం కాదు. పొరపాటు జరగడం ఒకటి, ఆ పొరపాటు వల్లే చెక్కు తిరిగి రావడం మరొకటి. మీరు నిరూపించవలసింది రెండోదాన్ని.

మీ నగదు శుక్రవారం కట్టినది, చెక్కు సోమవారం వచ్చినది కాబట్టి సమయం గురించి తగాదా రాదు. అదే రోజు నగదు కట్టి అదే రోజు చెక్కు వచ్చిన సందర్భాల్లో మాత్రం గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల క్లియరింగు రోజుకొక విడతగా కాక, పగలంతా ఎడతెగకుండా సాగుతోంది. చెక్కు ఇచ్చినవారి బ్యాంకు అది చెల్లుతుందో లేదో సాయంత్రం 7 లోపు చెప్పాలి. అందువల్ల ‘సాయంత్రానికి కడతాంలే’ అనే పాత అలవాటు ఇప్పుడు పనికిరాదు, అలా కట్టినవారికి రుసుము వెనక్కి అడిగే హక్కూ ఉండదు.

ఇప్పుడు మొత్తాల సంగతి. 590 రూపాయల్లో 500 రుసుము, 90 దాని మీద 18 శాతం జీఎస్టీ. మేనేజరు గారు 500 గురించే మాట్లాడుతున్నారు, ఆ 90 గురించి ఎవరూ ఎత్తకపోతే అది అలాగే ఉండిపోతుంది. పన్ను ప్రభుత్వానికి వెళ్లిపోయింది కాబట్టి తిరిగి రాదన్న మాట కౌంటర్లలో వినిపిస్తుంది, అది సరికాదు. అసలు సేవా రుసుమే చెల్లనప్పుడు దాని మీద పన్ను నిలవదు. బ్యాంకు క్రెడిట్ నోటు ఇచ్చి తన పన్ను లెక్క సరిచేసుకోవడానికి జీఎస్టీ చట్టంలోని 34వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ఈ 90 రూపాయలకు ఇన్‌పుట్ క్రెడిట్ ఇప్పటికే తీసుకుని ఉంటే, సొమ్ము తిరిగి వచ్చిన నెలలో దాన్ని వెనక్కి చూపమని మీ అకౌంటెంటుకు చెప్పండి.

354 రూపాయలది వేరే స్వభావం. అది మీ బ్యాంకు తీసుకున్న సొమ్ము కాదు, విజయవాడలో మరో బ్యాంకు మరొకరి ఖాతాలో తీసుకున్నది. కాబట్టి దాన్ని తిరిగి జమ చేయమని అడిగితే ‘మేం తీసుకోలేదు’ అని ఒక్క ముక్కలో తోసిపుచ్చుతారు, ఆ ఊపులో మొదటి కోరికను కూడా పక్కన పెడతారు. దీన్ని 31వ సెక్షన్ కింద మీకు కలిగిన నష్టంగా, విడి పేరాలో, విడి ఆధారంతో అడగాలి. ప్రతి బ్యాంకుకూ బోర్డు ఆమోదించిన పరిహార విధానం ఒకటి ఉంటుంది, వెబ్‌సైటులో దొరుకుతుంది. తప్పుగా డెబిట్ చేసిన సొమ్ము గురించి, దానివల్ల ఖాతాదారుకు కలిగిన అదనపు ఖర్చు గురించి అందులో ఏమి రాశారో చదివి, ఆ పేరా సంఖ్యను ఉత్తరంలో పేర్కొనండి. బయటి నియమం కంటే తమ సొంత విధానంలోని పేరాను చూపితే శాఖవారు త్వరగా కదులుతారు. మానసిక వేదన కింద ఏదో ఒక పెద్ద గుండుగుత్త మొత్తం చేర్చమని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. మొదటి ఉత్తరంలో అది వద్దని నా అభిప్రాయం. ఆధారమున్న 944 రూపాయల కోరిక శాఖ స్థాయిలోనే తీరే అవకాశం ఉంది. ఆధారం లేని పెద్ద మొత్తం చేరిన క్షణాన అది న్యాయ విభాగం బల్ల మీదకు వెళ్తుంది.

ఉత్తరం ఇలా ఉండవచ్చు. ఖాళీల్లో మీ వివరాలు నింపుకోండి.

‘శాఖా మేనేజరు గారికి,

విషయం: కరెంట్ ఖాతా నంబరు … లో చెక్కు రిటర్న్ రుసుము 590 రూపాయలు తిరిగి జమ చేయుట, సంబంధిత నష్టపరిహారం గురించి.

అయ్యా,

నేను 14వ తేదీన మీ శాఖ కౌంటరులో పై ఖాతాకు 1,50,000 రూపాయల నగదు చెల్లించాను. పే-ఇన్ స్లిప్పులో ఖాతా నంబరు, పేరు సరిగ్గా రాయబడి ఉన్నాయి. మీ ముద్ర ఉన్న కౌంటర్‌ఫాయిల్ నకలు జత చేస్తున్నాను. ఆ నగదు మీ శాఖలో జరిగిన నమోదు పొరపాటు వల్ల వేరొక ఖాతాకు జమ అయింది. 18వ తేదీన నేను తెలియజేసిన మీదట దాన్ని నా ఖాతాకు మార్చారు.

ఈ మధ్యలో, 17వ తేదీన, నేను జారీ చేసిన 1,38,500 రూపాయల చెక్కు నంబరు … ‘నిల్వ చాలదు’ అన్న కారణంతో తిరిగి పంపబడింది. ఆనాటి నిల్వ … రూపాయలు. నా నగదు సకాలంలో జమ అయి ఉంటే నిల్వ … రూపాయలు ఉండి, చెక్కు చెల్లింపు తర్వాత … రూపాయలు మిగిలి ఉండేవి. చెక్కు తిరిగి వెళ్లడానికి నా వైపు లోపమేదీ లేదు. ఖాతాదారుని తప్పు ఉన్నప్పుడే రుసుము వసూలు చేయాలన్న రిజర్వు బ్యాంకు 2013 మే 7 నాటి ఆదేశం ప్రకారం ఈ రుసుము చెల్లదు.

కాబట్టి ఈ కింది చర్యలు తీసుకోవలసిందిగా కోరుతున్నాను. 18వ తేదీ జమకు 14వ తేదీని వేల్యూ డేటుగా నమోదు చేయాలి. రుసుము 500, జీఎస్టీ 90, మొత్తం 590 రూపాయలు డెబిట్ చేసిన తేదీ వేల్యూ డేటుతో తిరిగి జమ చేయాలి. ఈ రిటర్న్‌ను నా ఖాతాపై చెక్కు తిరస్కరణల లెక్కలో చేర్చకుండా సరిచేయాలి.

చెక్కు పుచ్చుకున్నవారి బ్యాంకు వసూలు చేసిన 354 రూపాయలను ఆయన నా లెక్కలో ఖర్చు రాశారు. ఆధారాలు జత చేస్తున్నాను. ఇది మీ పొరపాటు వల్ల నాకు కలిగిన నష్టం కనుక నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 31వ సెక్షన్‌ను, మీ పరిహార విధానంలోని … పేరాను అనుసరించి చెల్లించవలసిందిగా కోరుతున్నాను.

14వ తేదీన నగదు స్వీకరించిన విషయాన్ని, అది 18వ తేదీన 14వ తేదీ వేల్యూ డేటుతో నా ఖాతాకు జమ అయిన విషయాన్ని ధ్రువీకరిస్తూ ఒక లేఖ ఇప్పించగలరు.’

చివరి పేరాలో ‘మా తప్పు వల్ల చెక్కు తిరిగి వెళ్లింది’ అని రాసివ్వమని కోరలేదని గమనించండి. అలాంటి ఒప్పుకోలు మీద సంతకం చేయడానికి ఏ మేనేజరూ ఇష్టపడరు, పై వాళ్లను అడగాలంటూ వారాలు గడిచిపోతాయి. తేదీలూ మొత్తాలూ మాత్రమే ఉన్న ధ్రువీకరణ అయితే అది రికార్డులో ఉన్నదే కాబట్టి ఇవ్వడానికి జంకరు. దాన్ని రిటర్న్ మెమో పక్కన పెడితే తప్పు ఎవరిదో చదివినవారికి అర్థమవుతుంది. విజయవాడ వ్యాపారికి చూపడానికీ, ముందు ముందు రుణం అడిగినప్పుడు చూపడానికీ అదే పనికొస్తుంది.

ఉత్తరాన్ని రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద శాఖ ముద్ర, తేదీ వేయించుకోండి. తెలుగులో ఇవ్వడానికి సంకోచించనక్కరలేదు. అయితే మీ బ్యాంకు పై కార్యాలయం వేరే రాష్ట్రంలో ఉంటే ఇంగ్లీషు ప్రతి కూడా జత చేస్తే అనువాదం పేరుతో ఆలస్యం కాదు. అదే రోజు బ్యాంకు వెబ్‌సైటులోనో కాల్ సెంటరులోనో కూడా ఫిర్యాదు నమోదు చేసి, వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను ఉత్తరం మీద రాసుకోండి. మేనేజరు గారు మంచివారే కావచ్చు, ఈలోగా బదిలీ అయిపోతే ఆ మంచితనం ఆయనతోపాటు వెళ్లిపోతుంది. సంఖ్య మాత్రం ఉంటుంది.

బ్యాంకు ఒక వాదన తేవచ్చు. నగదు కట్టిన తర్వాత ఎస్సెమ్మెస్ రాకపోతే మీరే వెంటనే అడగవలసింది కదా, మూడు రోజులు ఊరుకున్నారెందుకు అని. ముద్ర వేసిన కౌంటర్‌ఫాయిల్ బ్యాంకు ఇచ్చిన రసీదు. రసీదు పుచ్చుకున్న మనిషి ఆ డబ్బు తన ఖాతాలో ఉందని నమ్మడంలో నిర్లక్ష్యం లేదు. ఈ మాట ఉత్తరంలో ముందుగా రాయకండి, వారు లేవనెత్తితే అప్పుడు జవాబుగా చెప్పండి.

ఇంతకంటే తొందరపడవలసిన పని మరొకటి ఉంది. మీరు నెఫ్ట్‌లో డబ్బు పంపిన తర్వాత కూడా ఆ చెక్కు విజయవాడలోనే ఉన్నట్టుంది. చెక్కు దాని మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది. ఆ వ్యాపారి దురుద్దేశంతో కాకపోయినా, ఆయన గుమాస్తా పాత చెక్కు అనుకోకుండా మళ్లీ బ్యాంకులో వేస్తే ఏమవుతుందో చూడండి. ఖాతాలో చాలినంత ఉంటే అదే సరుకుకు రెండోసారి డబ్బు వెళ్తుంది. చాలకపోతే మళ్లీ ‘నిల్వ చాలదు’ అని తిరిగి వస్తుంది, ఈసారి తప్పు బ్యాంకుది కాదు, మొదటి రిటర్న్ గురించి మీరు చేస్తున్న వాదన కూడా మసకబారుతుంది. అసలు చెక్కును వెనక్కి తెప్పించుకుని అడ్డంగా కొట్టేసి ఫైలులో పెట్టుకోండి. అది ఆలస్యమైతే, డబ్బు నెఫ్ట్ ద్వారా ముట్టిందనీ ఆ చెక్కును మళ్లీ వేయబోమనీ ఆయన చేత ఒక వాట్సాప్ సందేశమైనా రాయించుకోండి. చెల్లింపు నిలిపివేయమని బ్యాంకును కోరవచ్చు గాని, దానికీ చాలా బ్యాంకులు రుసుము తీసుకుంటాయి కాబట్టి చెక్కు చేతికి రావడమే మేలు.

క్రిమినల్ కేసు భయం మీ ఉత్తరంలో లేదు గాని, ‘చెక్కు బౌన్స్’ అనగానే ఇంట్లోవాళ్లు బెంగపడుతుంటారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోనే ఉన్న 138వ సెక్షన్ కింద కేసు నడవాలంటే, చెక్కు తిరిగి వచ్చిందని తెలిసిన 30 రోజుల్లోపు అవతలివారు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి, అది అందిన 15 రోజుల్లోపు మీరు చెల్లించకుండా ఉండాలి. మీరు నోటీసు రాకముందే, చెక్కు తిరిగి వెళ్లిన రెండో రోజునే చెల్లించేశారు. నెఫ్ట్ యూటీఆర్ సంఖ్య ఉన్న రసీదు దాచుకుంటే చాలు.

ఉత్తరం ఇచ్చి 30 రోజులు దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు 500 మాత్రమే ఇస్తామన్నట్టు సగంలో ఆగితే, బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లండి. cms.rbi.org.in అన్న పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, సందేహాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఫీజు లేదు, న్యాయవాది అక్కరలేదు. అక్కడ ఫిర్యాదులు ఇలాంటి కారణాలతో తిరస్కరణకు గురవుతుంటాయి: ముందుగా బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసినట్టు ఆధారం ఉండదు, లేదా 30 రోజులు నిండకముందే వెళ్తారు. ముద్ర ఉన్న మీ రెండో ప్రతి విలువ అక్కడ తెలుస్తుంది. ఇదే విషయం మీద ముందే కోర్టుకో వినియోగదారుల కమిషన్‌కో వెళ్లి ఉంటే అంబుడ్స్‌మన్ చేపట్టరు కాబట్టి క్రమం తప్పవద్దు. వ్యాపారం కోసం వాడే కరెంట్ ఖాతా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందా లేదా అన్న తగాదా కమిషన్‌లో లేవవచ్చు. స్వయం ఉపాధి కోసం నడుపుకునే చిన్న దుకాణానికి ఆ చట్టం మినహాయింపు ఇస్తుంది గాని, 944 రూపాయల కోసం ఆ చర్చలోకి దిగడం కంటే అంబుడ్స్‌మన్ దారి నేరుగా ఉంటుంది.

అంబుడ్స్‌మన్ ఫిర్యాదులో కొత్త కోరికలు చేర్చకండి. బ్యాంకును అడగనిదాన్ని అక్కడ అడిగితే, అది ముందు మా దగ్గరకు రాలేదని బ్యాంకు అంటుంది. మీ ఉత్తరంలో ఉన్న కోరికలనే అదే వరుసలో రాసి, వాటిలో ఏది తీరింది, ఏది తీరలేదు, తీరనిదానికి బ్యాంకు చెప్పిన కారణం ఏమిటి అన్నది ఒక్కొక్కదానికి ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. మధ్యలో బ్యాంకు సొమ్ము జమ చేస్తే స్టేట్‌మెంటు తీసి, 500, 90 రెండూ వచ్చాయో లేదో, వాటి ఎదుట వేల్యూ డేటు ఏమి ఉందో చూసుకున్న తర్వాతనే ‘సమస్య పరిష్కారమైంది’ అని సంతకం చేయండి. ఆ సంతకం చేశాక మిగిలిన భాగం కోసం ఫిర్యాదును మళ్లీ తెరిపించడం కష్టం.